గాలి బాగాలేని రోజున బయటి ఆటలు ఆపుతున్నామని తల్లిదండ్రులకు సర్క్యులర్ ఎలా రాయాలి

మహారాష్ట్రలోని బల్లార్షాలో ఒక బడిలో నేను పిల్లలకు డ్రిల్లు చెబుతాను. మా చుట్టూ బొగ్గు గనులున్నాయి, అవతల చంద్రపూర్ థర్మల్ ప్లాంటు, ఘుగ్గుస్, రాజురా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, రోడ్ల నిండా బొగ్గు లారీలు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల లెక్క తీసినప్పుడు చంద్రపూర్ పేరు పైవరుసలోనే ఉంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కొన్ని పొద్దులు మైదానం ఈ చివర నిలబడితే ఆ చివర గోల్‌పోస్టు మసకగా కనిపిస్తుంది. స్పోర్ట్స్ డేలు, తాలూకా కబడ్డీ పోటీలు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే వస్తాయి.

ఢిల్లీలో గాలి చెడితే గ్రాప్ అనే ఏర్పాటు ఉంది. గాలి నాణ్యత సూచీ ఫలానా అంకె దాటితే ఏమేం ఆపాలో పైనుంచి ఆదేశం వస్తుంది. అది ఢిల్లీకీ దాని చుట్టుపక్కల ప్రాంతానికే పరిమితం. మన దగ్గర అలా దానంతటది వచ్చే ఆదేశం ఏదీ లేదు కాబట్టి సాయంత్రం అంకె చూసి, ఆటలు ఆపాలా వద్దా అని తేల్చి, తల్లిదండ్రులకు కాగితం రాయాల్సింది మీరే. అంటే హెడ్మాస్టరో, పీటీ టీచరో. ఆ కాగితం ఎలా రాయాలో, దాని వెనక ఏమేం సిద్ధం చేసుకోవాలో చెబుతాను.

ముందు అంకె తేల్చుకోండి

ఫోన్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్ పెట్టుకోండి. చంద్రపూర్‌లో రెండు కేంద్రాలు కనిపిస్తాయి. ఒకటి ఊళ్ళో ఉంది, ఇంకొకటి ఖుటాళా ఎంఐడీసీ పారిశ్రామిక వాడలో. రెండూ చూసి, ఎక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. అప్పుడప్పుడు ఒక కేంద్రంలో అంకె రాదు. సన్నటి దుమ్ముకు సూచీ కట్టాలంటే గడిచిన 24 గంటల్లో కనీసం 16 గంటల కొలతలు ఉండాలి, అవి లేకపోతే ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా ఉంటే గాలి బాగున్నట్టు కాదు, రెండో కేంద్రం చూడాలి.

మన దేశపు సూచీలో 201 నుంచి 300 దాకా నారింజ రంగు, 301 నుంచి 400 దాకా ఎరుపు, 401 దాటితే ముదురు ఎరుపు. ఆ ముదురు ఎరుపునే 'తీవ్రం' అంటారు. ఆ స్థాయిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా, తేలికపాటి శ్రమకే ఇబ్బంది రావచ్చని మండలి సూచన. అందుకని మా బడిలో పెట్టుకున్న లెక్క ఇది. 301 దాటితే పరుగు, కబడ్డీ, ఖోఖో బంద్. 401 దాటితే మైదానంలో ప్రేయర్ కూడా బంద్, అందరూ తరగతి గదుల్లోనే. ఆస్తమా ఉన్న పిల్లల్ని మాత్రం 201 దాటినప్పుడే పరుగు నుంచి తప్పిస్తాం.

ఈ అంకె గురించి ఒక సంగతి సరిగ్గా తెలియాలి, లేకపోతే నిర్ణయం తప్పుతుంది. యాప్‌లో కనిపించే అంకె ఆ నిమిషపు గాలిది కాదు, సన్నటి దుమ్ము విషయంలో అది గడిచిన 24 గంటల సగటు. గాలి చెడుతున్నప్పుడు ఆ అంకె వెనకబడి పెరుగుతుంది, బాగుపడుతున్నప్పుడు వెనకబడి తగ్గుతుంది. ఆదివారం 318, సోమవారం పొద్దున 365, సోమవారం సాయంత్రం 408 ఉందనుకోండి. ఆ వరుస చూస్తే మంగళవారం పొద్దున ఇంకా గట్టిగా ఉండవచ్చని అనుకోవాలి. రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది, పైనున్న వెచ్చటి గాలి మూతలా నిలిచి పొగనూ దుమ్మునూ కిందే పట్టి ఉంచుతుంది. ఎండ బాగా కాసి నేల వేడెక్కితే గానీ ఆ మూత లేవదు. చాలా రోజులు పదకొండు దాటాక గానీ తేడా తెలియదు. అంటే మనం డ్రిల్లు పెట్టే ఏడు, ఎనిమిది గంటల వేళ రోజు మొత్తంలో పరుగుకు అన్నిటికన్నా చెడ్డ వేళల్లో ఒకటి. మండలి సైటులో పీఎం 2.5, అంటే ఈ సన్నటి దుమ్ము, గంటవారీ కొలతలు కూడా దొరుకుతాయి. రెండు మూడు రోజుల కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఎక్కడం దిగడం మీకే కనిపిస్తుంది.

చంద్రపూర్ కేంద్రం మాకు పదిహేను కిలోమీటర్ల దూరం. అందుకని నేను యాప్‌తో పాటు బడి గేటు దగ్గర నిలబడి వాటర్ ట్యాంకు కూడా చూస్తాను. మామూలు రోజున దాని మెట్లు లెక్కపెట్టొచ్చు. ట్యాంకే మసకగా ఉండి, ముక్కుకు బొగ్గు పొగ వాసన తగిలితే, అంకె 290 ఉన్నా ఆటలు ఆపేస్తాను. ఎప్పుడూ కంటితో చూసింది ఆపడానికే వాడతాను, ఆడించడానికి కాదు. ట్యాంకు బాగా కనిపించినంత మాత్రాన 350 ఉన్న రోజున పిల్లల్ని పరిగెత్తించను.

కాగితం రాసేముందు ఆ పీరియడ్‌లో ఏం చేయిస్తారో రాసుకోండి

ఇది తలకిందులుగా చేస్తే చిక్కు. మొదటి ఏడాది మేము అలాగే చేశాం. 'ఔట్‌డోర్ గేమ్స్ రద్దు' అని ఒక్క లైను పంపేసి, పొద్దున పిల్లల్ని హాల్లోకి తోలాం. ఖాళీగా ఉంటే గోల చేస్తారని నేనే ఉన్నచోట పరుగు పెట్టించి, ఆ తర్వాత కపాలభాతి చేయించాను. ఐదో తరగతి అమ్మాయికి దగ్గు మొదలై ఆగలేదు, గొంతులో పిల్లికూతలు. ఆమెకు ఆస్తమా ఉందని ఆఫీసులో ఎక్కడా రాసి లేదు. కాలనీ నుంచి వాళ్ళమ్మ ఇన్‌హేలర్ పట్టుకుని వచ్చేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. తప్పు నాదే. ఆ రోజు తర్వాతే ఈ విషయం కూర్చుని నేర్చుకున్నాను.

నేర్చుకున్నది ఇదీ. తలుపులు మూసిన మామూలు హాల్లో గాలి శుభ్రంగా ఉండదు. పీఎం 2.5 అంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కంటే సన్నటి కణాలు, కిటికీ సందుల్లోంచి కూడా లోపలికి వచ్చేస్తాయి. గాలి శుద్ధి చేసే యంత్రం లేని గదిలో బయటికన్నా కొంత తగ్గుతుందేమో గానీ పోదు. మరి లోపల ఉంచి ఏం లాభం? లాభం శ్రమ తగ్గించడంలో ఉంది. పరిగెత్తే పిల్లవాడు కూర్చున్న పిల్లవాడి కంటే నిమిషానికి ఎన్నో రెట్లు గాలి లోపలికి పీలుస్తాడు, అదీ ముక్కుతో కాక నోటితో. కాబట్టి లోపల కూడా పరుగు పెట్టిస్తే మైదానంలో ఆపి సాధించింది పెద్దగా ఏమీ ఉండదు. 'బయట వద్దు, లోపల యోగా చేయిస్తున్నాం' అని చాలా బడులు గర్వంగా రాస్తాయి. నెమ్మదిగా చేసే ఆసనాలు సరే. వేగంగా సూర్యనమస్కారాలు, భస్త్రిక, కపాలభాతి మాత్రం ఆ రోజున వద్దు. ప్రాణాయామం మంచిదే, కానీ మంచి గాలి ఉన్న రోజున.

శ్రమ ఎంతవరకు సరే అన్నదానికి నేను వాడే పరీక్ష సులువైనది. పిల్లవాడు చేస్తూ చేస్తూ ఆయాసపడకుండా ఒక పెద్ద వాక్యం చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగితే ఆ పని ఆపించాలి.

ఈ కొలతలో ఇమిడే ఆటలు మన ఇళ్ళలోనే బోలెడున్నాయి. చిన్న తరగతులకు అష్టాచెమ్మా, పులిమేక, వామనగుంటలు. వామనగుంటలకు గుంటల పీటలు అక్కర్లేదు, అట్ట మీద రెండు వరుసల్లో ఏడేసి గుండ్రాలు స్కెచ్ పెన్నుతో గీసి, గుండ్రానికి ఐదు చింతగింజల చొప్పున పెడితే 70 గింజలు. అట్టకు ఇద్దరు ఆడతారు. 46 మంది తరగతికి 23 అట్టలు, సుమారు 1,600 గింజలు కావాలి. చింతపండు ఒలిచే ఇళ్ళ నుంచి పిల్లలే తెచ్చి ఇస్తారు. అట్టలు ఒకసారి చేసి బీరువాలో పెట్టుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాయి. నేల మీద సుద్దతో గీయించకండి, ఆ పొడి కూడా దుమ్మే.

పెద్ద తరగతుల్లో కబడ్డీ, ఖోఖో జట్ల పిల్లలకే అసలు టెన్షన్. పోటీలు దగ్గర పడుతుంటే ప్రాక్టీసు ఆపారని తండ్రులకు కోపం కూడా వాళ్ళ గురించే. వాళ్ళకు చెస్, క్యారమ్ ఇచ్చి కూర్చోబెడితే సరిపోదు. ఆటలు ఆపిన రోజుల్లో బోర్డు మీద కబడ్డీ చెప్పండి. బోనస్ లైను ఎప్పుడు పనికొస్తుంది? ఎదుటి కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే. ముగ్గురు, అంతకన్నా తక్కువ మంది మిగిలినప్పుడు రైడర్‌ను పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. మరి మనవాళ్ళు ముగ్గురే ఉండి స్కోరు రెండు వెనకబడితే రైడర్‌ను దగ్గరికి రానివ్వాలా, తరిమేయాలా? మా జట్టు ఈ ఒక్క ప్రశ్న మీద ఒక పీరియడ్ మొత్తం వాదించుకుంది. మైదానంలో ఏనాడూ అంత ఆలోచించలేదు. తర్వాత పావుగంట నెమ్మదిగా కాళ్ళు, నడుము సాగదీసే వ్యాయామాలు, ఒంటికాలి మీద నిలబడటం, అంతే.

గది గురించి కూడా చెప్పాలి. ఆ రోజు పొడి చీపురు వద్దు, తడిగుడ్డతో తుడిపించండి. ఫ్యాను రెక్కల మీద దుమ్ముంటే ముందు అది తుడవాలి. ప్రేయర్‌కు అగరబత్తి వెలిగించకండి. పొద్దున రోడ్డు వైపు కిటికీలు మూసి, వరండా వైపువి కొద్దిగా తెరిచి ఉంచండి. అన్నీ బిగించేస్తే 46 మంది ఊపిరితో గది ఉక్కపోసి పిల్లలకు తలనొప్పి, నిద్ర. మధ్యాహ్నం ఎండ కాసి దూరం తేటపడ్డాక అన్నీ తెరవండి.

ఇక సర్క్యులర్

సాయంత్రం నాలుగున్నరకు అంకె చూసి, ఐదింటికి నిర్ణయించి, ఆరులోగా పంపండి. పొద్దున ఆరున్నరకు పంపితే అప్పటికి టిఫిన్ డబ్బాలు కట్టేసి ఉంటారు, బస్సు బయలుదేరి ఉంటుంది, గనిలో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిన తండ్రి చూడనే చూడడు. సర్క్యులర్‌లో తప్పనిసరిగా ఉండాల్సింది ఏమిటంటే, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఏవి ఆగుతాయి, ఏవి ఆగవు, ఆ సమయంలో పిల్లలు ఏం చేస్తారు, మళ్ళీ ఎప్పుడు చెబుతారు. 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని రాయకండి. అలా రాసిన ఏడాది రోజూ ఇరవై ఫోన్లు వచ్చాయి, పోటీలు మానేశారని ఊళ్ళో పుకారు కూడా లేచింది. గడువు మూడు రోజులు పెట్టి, అవసరమైతే పొడిగించండి.

పైన చెప్పిన సోమవారం 408 లెక్కకు నేను రాసే కాగితం ఇలా ఉంటుంది:

> విషయం: గాలి కాలుష్యం వల్ల మంగళ, బుధ, గురువారాల్లో బయటి ఆటలు ఆపడం గురించి
>
> తల్లిదండ్రులకు నమస్కారం.
>
> సోమవారం సాయంత్రం నాలుగున్నరకు చంద్రపూర్ కేంద్రంలో గాలి సూచీ 408 ఉంది. ఇది 'తీవ్రం' అనే స్థాయి. ఈ గాలిలో పరిగెత్తడం ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా మంచిది కాదు.
>
> మంగళవారం నుంచి గురువారం దాకా మైదానంలో ప్రేయర్, డ్రిల్లు, కబడ్డీ, ఖోఖో ప్రాక్టీసు ఉండవు. బడి, పాఠాలు, బస్సులు, మధ్యాహ్న భోజనం మామూలుగానే ఉంటాయి.
>
> డ్రిల్లు పీరియడ్‌లో 1 నుంచి 5 తరగతుల పిల్లలు గదిలో అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిమేక ఆడతారు. 6 నుంచి 10 తరగతులకు చెస్, క్యారమ్, నెమ్మదిగా చేసే ఆసనాలు. కబడ్డీ, ఖోఖో జట్లకు బోర్డు మీద ఆట పాఠం ఉంటుంది. తాలూకా పోటీలకు మన జట్లు వెళ్తాయి, అందులో మార్పు లేదు.
>
> మీ పిల్లలకు ఆస్తమా, పిల్లికూతలు, గుండె జబ్బు ఉంటే మంగళవారమే క్లాస్ టీచర్‌కు రాసి ఇవ్వండి. ఇన్‌హేలర్ వాడే పిల్లలైతే దాన్ని, స్పేసర్‌ను పేరు రాసి, డాక్టర్ చీటీ నకలుతో బ్యాగులో పంపండి. దగ్గు, ఆయాసం ఉన్న పిల్లవాణ్ణి ఇంట్లోనే ఉంచితే ఆ మూడు రోజులు హాజరు గురించి ఏమీ అడగం.
>
> సాయంత్రం కాలనీ మైదానంలో క్రికెట్ కూడా ఈ మూడు రోజులు వద్దని చెప్పండి. పొద్దున బస్‌స్టాప్ దగ్గర చలిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకండి.
>
> గురువారం సాయంత్రం ఆరులోగా మళ్ళీ మెసేజ్ పంపుతాం.
>
> హెడ్మాస్టర్

ఇందులో మాస్కు మాట కావాలనే రాయలేదు. గుడ్డ మాస్కు, మామూలు సర్జికల్ మాస్కు ఈ సన్నటి దుమ్మును సరిగ్గా ఆపలేవు. ఎన్95 ఆపుతుంది గానీ పెద్దవాళ్ళ సైజుది పిల్లల బుగ్గల దగ్గర సందు వదులుతుంది. మాస్కు పెట్టుకుంటే ఆడొచ్చు అనే అర్థం తల్లిదండ్రులకు వెళ్ళకూడదు. అడిగినవాళ్ళకు విడిగా చెబుతాను.

బల్లార్షాలో, రాజురాలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, కానీ చాలామంది తల్లిదండ్రులు చదివింది మరాఠీలోనో, హిందీలోనో. తెలుగు కాగితం పంపితే గౌరవంగా ఉంటుంది, చదివేవాళ్ళు మాత్రం సగమే. అందుకని ఒకే కాగితం మీద పైన తెలుగు, కింద మరాఠీ పెడతాం. దాంతోపాటు క్లాస్ టీచర్ తెలుగులో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పంపుతుంది. నాయనమ్మలు వినేది అదే. ఇన్‌హేలర్ సంగతి కాగితం కన్నా ఆ వాయిస్ వల్లే ఎక్కువ వచ్చింది.

తండ్రులు అడిగేదానికి సిద్ధంగా ఉండండి

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఓ రోజు షిఫ్టు దిగి యూనిఫాంలోనే వచ్చిన ఒకాయన ఫోన్ నా ముందు పెట్టి, "సార్, గిండ్ల 225 అని చూపిస్తుంది, మీరు 323 అని రాసిండ్రు. ఉత్తగనే భయపెడుతుండ్రా?" అన్నాడు. ఆయన అంకె అబద్ధం కాదు, నాదీ కాదు. ఫోన్‌తో వచ్చే చాలా యాప్‌లు అమెరికా కొలబద్ద వాడతాయి. పీఎం 2.5 ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు ఉంటే మన సూచీలో అది 323, అమెరికా సూచీలో సుమారు 225. అదే 60 మైక్రోగ్రాములుంటే మనది 100, వాళ్ళది 154. అంటే గాలి కొంచెం చెడ్డప్పుడు వాళ్ళ అంకె పెద్దది, బాగా చెడ్డప్పుడు మన అంకె పెద్దది. ఆ రోజు ఆయన ఫోన్‌లో కూడా 225 పక్కన ఊదా రంగు, 'ఆరోగ్యానికి చాలా హానికరం' అనే మాట ఉన్నాయి. అంకె వదిలేసి ఆ మాట చదవమన్నాను. "అయితే రెండూ ఒక్కటే చెబుతున్నయన్నట్టు" అని, కొడుకును సాయంత్రం కూడా ఆడనీయనని చెప్పి వెళ్ళాడు. అందుకే సర్క్యులర్‌లో అంకెతో పాటు స్థాయి పేరు, ఏ కేంద్రమో, ఏ గంటకు చూశారో తప్పకుండా రాయండి.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు

మేఘం పట్టి నాలుగు చినుకులు పడితే తెల్లారేసరికి ఆడించేద్దామనిపిస్తుంది. మేము వరుసగా రెండు సాయంత్రాలు 300 కిందికి వస్తేనే మొదలుపెడతాం. అదీ నేరుగా పొద్దుటి పరుగుతో కాదు. మొదటి రెండు రోజులు ప్రాక్టీసు మధ్యాహ్నం మూడింటికి మారుస్తాం, సగం పీరియడే, ఆస్తమా పిల్లలు అప్పటికీ గదిలోనే. మొదటి పది నిమిషాల్లో ఎవరైనా దగ్గితే వాళ్ళను కూర్చోబెడతాం. సూచీ 300 కిందికి వచ్చినా 201 పైన ఉందంటే గాలి ఇంకా బాగాలేనట్టే.

అప్పుడు పంపే కాగితం చిన్నది చాలు: "బుధవారం సాయంత్రం సూచీ 284, గురువారం సాయంత్రం 246. శుక్ర, శనివారాల్లో కబడ్డీ, ఖోఖో ప్రాక్టీసు మధ్యాహ్నం 3 నుంచి 3.20 దాకా ఉంటుంది. పొద్దుటి డ్రిల్లు సోమవారం నుంచి మొదలవుతుందో లేదో ఆదివారం సాయంత్రం ఆరులోగా చెబుతాం. ఇన్‌హేలర్లు బ్యాగులోనే ఉండనివ్వండి."